చెక్కు దారిలో ఉన్నన్నాళ్లూ వడ్డీ ఎవరిది?

కొనుగోలుదారు చెక్కు రాసి పోస్టులో వేసిన దగ్గర్నుంచి, ఆ సొమ్ము అమ్మకందారు వాడుకోవడానికి వీలయ్యేదాకా కొన్ని రోజులు గడుస్తాయి. ఆ రోజుల్లో దారిలోనే ఉండిపోయిన మొత్తాన్ని ఫ్లోట్ అంటారు. కొన్నవాడి లెక్కల్లో అది చెల్లించేసిన సొమ్ము. అమ్మినవాడి పుస్తకాల్లో కూడా ఒక దశ దాటాక వసూలైనట్టే కనిపిస్తుంది. అయినా దాంతో జీతాలు ఇవ్వలేరు, అప్పు తీర్చలేరు. అమ్మినవాడు బ్యాంకు అప్పు మీద వ్యాపారం నడుపుతుంటే, చెక్కు దారిలో గడిపిన ప్రతి రోజుకూ వడ్డీ అతనే కడతాడు. కొన్నవాడి ఖాతాలో మాత్రం ఆ సొమ్ము చెక్కు చెల్లేదాకా అలాగే ఉంటుంది.

వసూలులో ఈ జాప్యం మూడు చోట్ల పేరుకుంటుంది. మొదటిది పోస్టు, అంటే కవరు ఊరు దాటి రావడానికి పట్టే కాలం. రెండోది అమ్మినవాడి ఆఫీసు. కవరు చింపి, ఏ బిల్లుకు ఎంత వచ్చిందో పద్దు రాసి, చెక్కును బ్యాంకుకు పంపేదాకా అది అక్కడే ఉంటుంది. మూడోది క్లియరింగ్, అంటే చెక్కు ఏ బ్యాంకు మీద రాశారో ఆ బ్యాంకును చేరి సొమ్ము ఇటు వచ్చేందుకు పట్టే కాలం. మూడింటికీ మందు ఒకటి కాదు. ఏ చోట ఎన్ని రోజులు పోతున్నాయో విడివిడిగా కొలవకుండా ఏ ఏర్పాటు చేసినా, డబ్బు ఎక్కడ ఆదా అయిందో తెలియదు.

ఈ లెక్క అంతా పుట్టి పెరిగింది అమెరికాలో. అక్కడి చట్టాలు చాలాకాలం ఒక రాష్ట్రపు బ్యాంకును మరో రాష్ట్రంలో బ్రాంచీలు తెరవనివ్వలేదు. ఆ ఆంక్షలు దేశమంతటా సడలడానికి 1994 నాటి చట్టం రావాల్సి వచ్చింది. అంతవరకూ వేలకొద్దీ చిన్న బ్యాంకులు, 12 ఫెడరల్ రిజర్వ్ జిల్లాలు, మధ్యలో విమానాల్లో తిరిగే చెక్కుల సంచులు. లాస్ ఏంజిలెస్ బ్యాంకు మీద రాసిన చెక్కును న్యూయార్క్‌లో జమ చేస్తే సొమ్ము వెంటనే చేతికి రాదు. ఏ ప్రాంతపు చెక్కుకు ఎన్ని రోజుల తర్వాత సొమ్ము వాడుకోవచ్చో తెలిపే పట్టికను ప్రతి బ్యాంకూ తన ఖాతాదారు కంపెనీలకు ఇచ్చేది. జమ అయిన రోజు వేరు, వాడుకోగలిగే రోజు వేరు. ఫ్లోట్ లెక్కలో పనికొచ్చేది రెండోదే.

లాక్‌బాక్స్ ఈ పరిస్థితిలోంచి వచ్చింది. దీన్ని మొదట 1947లో రేడియోలు తయారుచేసే ఆర్‌సీఏ కంపెనీ కోసం ఏర్పాటు చేశారని చెబుతారు. పద్ధతి ఇది. కొనుగోలుదారులు ఎక్కువగా ఉన్న ప్రాంతంలో కంపెనీ ఒక పోస్టు బాక్సు తీసుకుంటుంది. దాన్ని తెరిచే అధికారం అక్కడి బ్యాంకుకు ఇస్తుంది. బిల్లు మీద చెల్లింపు చిరునామాగా ఆ బాక్సు నంబరే అచ్చవుతుంది. బ్యాంకు మనిషి రోజుకు అనేకసార్లు, రాత్రిళ్లు కూడా, పోస్టాఫీసుకు వెళ్లి కవర్లు తెస్తాడు. బ్యాంకులోనే గుమాస్తాలు కవరు చింపి చెక్కును, దానితో వచ్చిన చీటీని వేరుచేస్తారు. చెక్కు మీద పేరు, తేదీ, సంతకం, అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉన్న మొత్తం సరిచూస్తారు. నకలు తీసి, చెక్కును ఆ పూటే క్లియరింగుకు పంపుతారు. నకళ్లు, చీటీలు, ఆ రోజు జాబితా కంపెనీకి వెళతాయి. పద్దులు కంపెనీ తీరిగ్గా రాసుకోవచ్చు. సొమ్ము ముందు, పద్దు తర్వాత: ఈ వరస మార్పే లాక్‌బాక్స్ కిటుకంతా. కంపెనీ ఆఫీసులో పద్దు రాయడం పూర్తయ్యేదాకా చెక్కు గుమాస్తా బల్ల మీద ఉండిపోయే రోజులు దీంతో దాదాపు పూర్తిగా పోతాయి.

లెక్క చూడటానికి న్యూయార్క్‌లో యంత్రాల విడిభాగాలు అమ్మే ఒక కంపెనీని ఊహించుకోవచ్చు. దాని పశ్చిమ తీరపు కొనుగోలుదారులు ఏడాదికి 3 కోట్ల 65 లక్షల డాలర్ల చెక్కులు పంపుతారు. 365తో భాగిస్తే రోజుకు లక్ష డాలర్లు. ఇప్పుడు చెక్కుకు పోస్టులో 4 రోజులు, ఆఫీసులో 2 రోజులు, క్లియరింగులో 2 రోజులు, మొత్తం 8 రోజులు పడుతున్నాయి. అంటే ఏ రోజు చూసినా 8 లక్షల డాలర్లు దారిలో ఉన్నాయి. లాస్ ఏంజిలెస్‌లో లాక్‌బాక్స్ పెడితే పోస్టు 2 రోజులకు తగ్గుతుంది, ఆఫీసు జాప్యం పోతుంది, చెక్కు స్థానిక బ్యాంకు మీదిదే కనుక క్లియరింగ్ 1 రోజు అవుతుంది. మొత్తం 3 రోజులు. దారిలో ఉండేది 3 లక్షలు. తేడా 5 లక్షల డాలర్లు.

చాలామంది తడబడేది సరిగ్గా ఇక్కడే. ఈ 5 లక్షలు లాభం కాదు. కంపెనీకి ఎలాగూ రావాల్సిన సొమ్ములోంచే ఒక భాగం, ఒక్కసారి, ముందుగా వచ్చింది. ఏటా మరో 5 లక్షలు రావు. లాక్‌బాక్స్ ఎత్తేసిన రోజున ఈ మొత్తం మళ్లీ దారిలోకి వెళ్లిపోతుంది. ఏటేటా మిగిలేది ఆ 5 లక్షల మీద వడ్డీ మాత్రమే. కంపెనీ 8 శాతం వడ్డీకి బ్యాంకు అప్పు తెచ్చుకుని ఉంటే, 5 లక్షల అప్పు తీర్చేసి ఏడాదికి 40,000 డాలర్లు మిగుల్చుకుంటుంది. అదే అసలు లాభం.

ఇక ఖర్చు. బ్యాంకు నెలకు 500 డాలర్ల చొప్పున ఏడాదికి 6,000 తీసుకుంటుందనుకుందాం. అది కాక చెక్కుకు 30 సెంట్లు. సగటు చెక్కు 1,000 డాలర్లయితే రోజుకు 100 చెక్కులు, ఏడాదికి 36,500. వాటికి 10,950 డాలర్లు. లాస్ ఏంజిలెస్‌లో చేరిన సొమ్మును న్యూయార్క్‌కు తంతి బదిలీ చేయడానికి, బదిలీకి 8 డాలర్ల చొప్పున 250 పనిదినాలకు 2,000. అన్నీ కలిపి 18,950. నలభై వేలలోంచి తీసేస్తే 21,050 డాలర్లు నికరంగా మిగులుతాయి. ఆఫీసులో గుమాస్తా పని తగ్గింది కదా, ఆ జీతం కూడా కలుపుకోవచ్చా? ఆ గుమాస్తా జీతం నిజంగా ఆగినప్పుడే. అతను అదే కుర్చీలో కూర్చుని అదే జీతం తీసుకుంటుంటే ఆదా కాగితం మీదే ఉంటుంది.

బ్యాంకులు రుసుముకు బదులు ఖాతాలో వడ్డీ లేని నిల్వ ఉంచమని కూడా అడుగుతాయి. పై కంపెనీని 2 లక్షల డాలర్లు కదపకుండా ఉంచమంటే, విడుదలైన 5 లక్షల్లో కంపెనీ చేతికి వచ్చేది 3 లక్షలే. దాని మీద 8 శాతం వడ్డీ 24,000. బదిలీ ఖర్చు 2,000 పోతే 22,000. రుసుము కట్టడం కన్నా ఇది కొంచెం మేలు. కానీ రుసుమునూ నిల్వనూ రెండింటినీ ఖర్చులో చూపించి లాక్‌బాక్స్ గిట్టుబాటు కాదని తేల్చడం, లేదా నిల్వ సంగతి మరిచిపోయి గిట్టుబాటవుతుందని తేల్చడం, రెండూ తప్పుడు లెక్కలే.

ఈ ఫలితం రెండు అంకెల మీద వేలాడుతోంది. ఒకటి వడ్డీ రేటు. 8 శాతం ఉన్నచోట 3 శాతం పెడితే లాభం 15,000కు పడిపోతుంది. ఖర్చు 18,950 అలాగే ఉంటుంది కనుక కంపెనీ నష్టపోతుంది. 20 శాతం పెడితే లాభం లక్ష డాలర్లు. 1980 డిసెంబరులో అమెరికా బ్యాంకులు తమ మేలురకం ఖాతాదారులకు వేసే వడ్డీ 21.5 శాతానికి చేరింది. ఆ రోజుల్లో కంపెనీల ఖజానా అధికారులు ఒక్కో రోజు కోసం ఎందుకు అంతగా వెంటపడ్డారో ఈ లెక్కే చెబుతుంది.

రెండోది చెక్కు సైజు, నిజానికి ఎక్కువగా దెబ్బతీసేది ఇదే. అదే 3 కోట్ల 65 లక్షలు 200 డాలర్ల చెక్కులుగా వస్తే చెక్కుల సంఖ్య 1,82,500. చెక్కుకు 30 సెంట్ల చొప్పున 54,750 డాలర్లు. వచ్చే వడ్డీ 40,000 మాత్రమే. సొమ్ము మారలేదు, రోజులు మారలేదు, లాభం నష్టమైపోయింది. అందుకే ముందుగా ఒక్క చెక్కుకు లెక్క వేసుకోవాలి. 8 శాతం వడ్డీకి 5 రోజులు ముందుగా వచ్చిన 1,000 డాలర్ల చెక్కు ఒక డాలరు 10 సెంట్లు సంపాదిస్తుంది. 200 డాలర్ల చెక్కు 22 సెంట్లే సంపాదిస్తుంది. సంపాదన సరిగ్గా 30 సెంట్లయ్యే చోటు ఎక్కడో కనుక్కోవడానికి సూత్రం ఇది:

```
కనీస చెక్కు = చెక్కు రుసుము ÷ (ఆదా రోజులు × వార్షిక వడ్డీ ÷ 365)
           = 0.30 ÷ (5 × 0.08 ÷ 365)
           = 273.75 డాలర్లు
```

దాదాపు 274 డాలర్లకు తక్కువ చెక్కులు లాక్‌బాక్స్‌కు పంపించడం దండగ. నెలవారీ స్థిర రుసుము ఇందులో చేరలేదు కనుక, నిజమైన గీత ఇంకాస్త పైన ఉంటుంది. పెద్ద చెక్కులు కొద్దిగా వచ్చే వ్యాపారాలకు మనుషులు ఒక్కొక్క కవరూ విప్పిచూసే లాక్‌బాక్స్, కరెంటు బిల్లుల్లా చిన్న చెక్కులు గంపలకొద్దీ వచ్చే వ్యాపారాలకు యంత్రాలు చీటీలు చదివే చవకరకం లాక్‌బాక్స్ అని బ్యాంకులు రెండు రకాలు నడపడానికి కారణం కూడా ఇదే.

రోజులు కొలవడంలో ఒక జాగ్రత్త అవసరం. ఒక వారంలో పది చెక్కులు వచ్చాయనుకుందాం. ఒకటి 50,000 డాలర్లది, 3 రోజుల్లో చేరింది. మిగతా తొమ్మిదీ ఒక్కొక్కటి 1,000 డాలర్లవి, 9 రోజులు పట్టాయి. చెక్కుల సగటు తీస్తే 8.4 రోజులు. కానీ సొమ్ములో సింహభాగం 3 రోజుల్లోనే వచ్చేసింది. ప్రతి చెక్కు మొత్తాన్నీ దానికి పట్టిన రోజులతో హెచ్చించి, కూడి, మొత్తం సొమ్ముతో భాగిస్తే వచ్చేది 3.9 రోజులు. సరైన అంకె ఇది. చెక్కుల సగటు చూసి లాక్‌బాక్స్ కొన్న కంపెనీ, లేని జాప్యాన్ని తగ్గించడానికి డబ్బు కడుతున్నట్టు. కవర్లు దాచిపెట్టి కొలిచేటప్పుడు పోస్టు ముద్ర తేదీని కూడా గుడ్డిగా నమ్మకూడదు. ఆఫీసుల్లో స్టాంపు యంత్రం వేసే తేదీని కవరు పంపేవాళ్లే పెడతారు. కవరు నిజంగా పోస్టులో పడింది రెండు రోజుల తర్వాత కావచ్చు. ఆ రెండు రోజులు కొనుగోలుదారు చేతిలోవి, ఏ బ్యాంకూ వాటిని తగ్గించలేదు.

లాక్‌బాక్స్ తెచ్చే చిక్కుల్లో అన్నిటికన్నా ఇబ్బందికరమైనది చట్టానికి సంబంధించినది. 10,000 డాలర్ల బిల్లు మీద సరుకు బాగోలేదని తగవు నడుస్తోంది. కొనుగోలుదారు 7,000కు చెక్కు రాసి, దాని మీద ‘పూర్తి చెల్లింపు’ అని రాసి బాక్సుకు పంపాడు. కంపెనీ ఆఫీసుకు వచ్చి ఉంటే ఎవరో ఒకరు గమనించి పక్కన పెట్టేవారు. బ్యాంకు గుమాస్తా మాత్రం మొత్తం, సంతకం చూసి జమ చేసేస్తాడు. జమ చేసినందువల్ల మిగతా 3,000 వదులుకున్నట్టే అనే వాదన బలపడుతుంది. అక్కడి వాణిజ్య చట్టం కంపెనీలకు దీని నుంచి రెండు దారులు ఇచ్చింది. తగవులో ఉన్న బాకీల చెల్లింపులు ఫలానా చిరునామాకే పంపాలని ముందే స్పష్టంగా తెలియజేసి ఉండటం ఒకటి, 90 రోజుల్లో ఆ సొమ్ము తిరిగి ఇచ్చేయడం మరొకటి. బిల్లు మీద చిన్న అక్షరాల్లో తగవుల చిరునామా వేరుగా కనిపించడానికి కారణం అదే.

లాక్‌బాక్స్ సొమ్మును కొనుగోలుదారుకు దగ్గరగా పట్టుకుంటుంది. పట్టుకున్న సొమ్ము ఆరేడు ఊళ్లలో ఆరేడు బ్యాంకుల్లో చెదిరి ఉంటే ఉపయోగం సగమే. అమెరికాలో 2011 జూలై దాకా కరెంట్ ఖాతాల మీద బ్యాంకులు వడ్డీ ఇవ్వడానికి వీల్లేదు కనుక, అక్కడక్కడా మిగిలిపోయిన నిల్వ పూర్తిగా వృథా. అలా చెదిరిన నిల్వలను రోజూ ఒక కేంద్ర ఖాతాలోకి లాగడమే కాన్సన్‌ట్రేషన్ బ్యాంకింగ్. ప్రాంతీయ ఆఫీసు వసూలు చేసి స్థానిక బ్యాంకులో వేసినా, లాక్‌బాక్స్‌లోంచి వచ్చినా, చివరికి అన్నీ ఒకే చోట చేరతాయి. అప్పు తీర్చాలన్నా, స్వల్పకాలిక బాండ్లు కొనాలన్నా ఒక చోట ఉన్న 10 లక్షలు పదిచోట్ల ఉన్న లక్షల కన్నా ఎక్కువ పని చేస్తాయి.

ఇక్కడా ఒక చిన్న లెక్క ఉంది. తంతి బదిలీ అదే రోజు చేరుతుంది, ధర 8 డాలర్లు. కేంద్ర ఖాతా పేర రాసుకునే బదిలీ చెక్కు ఒక డాలరే, కానీ మర్నాడు చేరుతుంది. తేడా 7 డాలర్లు. ఒక రోజు వడ్డీ 7 డాలర్లు రావాలంటే 8 శాతం మీద దాదాపు 31,940 డాలర్లు కావాలి. అంతకు తక్కువైతే చవక పద్ధతే మేలు. శుక్రవారం మాత్రం లెక్క మారుతుంది. మర్నాడు చేరాల్సింది సోమవారం చేరుతుంది కనుక పోయేవి మూడు రోజుల వడ్డీ. ఆ రోజు 10,650 డాలర్ల దగ్గరే తంతి గిట్టుబాటు అవుతుంది. పై కంపెనీకి పనిదినానికి సుమారు 1,46,000 డాలర్లు వస్తాయి కాబట్టి రోజూ తంతి పంపడం సబబే.

చెక్కుల కాగితం విమానాల మీద ఎంతగా ఆధారపడిందో 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అందరికీ తెలిసొచ్చింది. విమానాలు నిలిచిపోయాయి, చెక్కులు దారిలో ఆగిపోయాయి. ఫెడరల్ రిజర్వ్ మాత్రం తన పట్టిక ప్రకారం జమ చేసిన బ్యాంకులకు సొమ్ము ఇస్తూనే పోయింది. ఆ వారంలో దాని ఫ్లోట్ సుమారు 4,700 కోట్ల డాలర్లకు చేరింది. కాగితానికి బదులు చెక్కు బొమ్మను పంపి వసూలు చేసుకోవడానికి దారి తీసిన ‘చెక్ 21’ చట్టం 2004 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. దాంతో మూడో అంచె, అంటే క్లియరింగ్ జాప్యం, వేగంగా కరిగిపోయింది. లాక్‌బాక్స్‌లు పోలేదు. పోస్టు, ఆఫీసు జాప్యాలు ఇంకా ఉన్నాయి కనుక అవి వాటి కోసం పనిచేస్తున్నాయి.

భారతదేశంలో పోస్టు బాక్సు రూపంలో లాక్‌బాక్స్ పెద్దగా పాతుకోలేదు. జాప్యం మాత్రం ఇక్కడా తక్కువేమీ కాదు. పొరుగూరి చెక్కులు రాష్ట్ర రాజధానుల్లో 7, పెద్ద నగరాల్లో 10, మిగతా చోట్ల 14 రోజుల్లో వసూలు కావాలని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ గడువు పెట్టాల్సి వచ్చింది. అదే ఏడాది ఢిల్లీలో చెక్కు బొమ్మలతో క్లియరింగ్ మొదలైంది. 2011లో చెన్నై కేంద్రంగా దక్షిణాదికి వచ్చింది, తెలుగు ప్రాంతాలు అందులో చేరాయి. 2025 అక్టోబరు 4 నుంచి చెక్కులు రోజంతా ఎప్పటికప్పుడు క్లియరింగుకు వెళ్తున్నాయి. పొద్దున వేసిన చెక్కు సంగతి అదే సాయంత్రం తేలిపోతోంది.

అందుచేత హైదరాబాద్‌లోని ఒక పురుగుమందుల కంపెనీ ఇవాళ ఫ్లోట్ వెతకాల్సింది బ్యాంకులో కాదు. గుంటూరు, ఖమ్మం, కర్నూలు డీలర్ల దగ్గర తీసుకున్న చెక్కులు సేల్స్ ప్రతినిధి సంచిలో, ఆ తర్వాత కొరియర్ కవరులో ఎన్ని రోజులు ఉంటున్నాయో చూడాలి. ఏడాదికి 73 కోట్ల చెక్కులంటే రోజుకు 20 లక్షలు. సంచిలోనూ కొరియర్‌లోనూ 3 రోజులు పోతుంటే 60 లక్షలు ఆగినట్టు. సీసీ ఖాతా వడ్డీ 9 శాతమైతే ఏడాదికి 5 లక్షల 40 వేలు. ఊరూరా చెక్కులు సేకరించి కేంద్ర ఖాతాలో వేసే బ్యాంకు సేవకు వెయ్యికి 50 పైసలు అడిగారనుకుంటే ఖర్చు 3 లక్షల 65 వేలు, మిగిలేది లక్షా 75 వేలు. వెయ్యి రూపాయలు ఒక రోజు ముందు వస్తే 9 శాతం మీద మిగిలేది పాతిక పైసలు కూడా కాదు. ఈ సేవతో ఒక రోజే ఆదా అయ్యే పరిస్థితి ఉంటే కంపెనీకి నష్టం ఖాయం. పురుగుమందుల వ్యాపారంలో వసూళ్లు సీజను చుట్టూ గుమికూడతాయి కాబట్టి ఏడాది సగటు కూడా నమ్మదగింది కాదు. సీజనుకు విడిగా, మిగతా నెలలకు విడిగా లెక్క వేయాలి.

చాలా కంపెనీలకు ఆ సేవ కూడా అక్కర్లేదు. ఖాతా ఉన్న బ్యాంకుకు గుంటూరులో బ్రాంచి ఉంటే, డీలరు ఇచ్చిన చెక్కును ప్రతినిధి అక్కడే వేయవచ్చు. సొమ్ము నేరుగా హైదరాబాద్ ఖాతాలోనే పడుతుంది. వాట్సాప్‌లో చెక్కు ఫొటో, బిల్లు నంబరు పంపితే ఆఫీసులో పద్దు రాసుకుంటారు. అయితే ఈ మార్పుతో ఎన్ని రోజులు తగ్గాయో తెలియాలంటే ఒక రికార్డు కావాలి. వసూళ్ల రిజిస్టరులో చెక్కు చేతికందిన తేదీకి ఒక గడి, బ్యాంకులో వేసిన తేదీకి మరో గడి ఉన్నాయో లేదో వ్యాపారులు ఒకసారి చూసుకోవాలి. లేకపోతే ముందు ఆ రెండు గడులు గీయించాలి.